కాలేయంలో చీము గడ్డ: సూది ఎప్పుడు, మందు ఎంతకాలం

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

మొన్న ఓపీలో ఒకాయన నన్ను నిలదీశారు. "డాక్టరుగారూ, మా తమ్ముడికి లివర్‌లో చీము గడ్డ అన్నారు. మాత్రలిచ్చి పంపించేశారు, సూది కూడా గుచ్చలేదు. మా పక్కింటావిడకీ అదే చీము గడ్డ. ఆవిడకేమో పైపు వేసి పది రోజులు మంచంలో ఉంచారు. చీము అంటే చీమే కదా, ఒకరికి తీసి ఇంకొకరికి ఎందుకు వదిలేశారు?"

మంచి ప్రశ్న. నిజానికి ఈ జబ్బు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. లోపల చీము ఉంది సరే, అది ఎవరు తయారుచేసిన చీము? అమీబానా, బ్యాక్టీరియానా? ఈరోజు నేను దీని గురించే మాట్లాడతాను. ఇద్దరు పేషెంట్ల కథలు చెబుతాను. ఒకటి సాఫీగా నడిచింది. రెండోదాంట్లో నేను తప్పు చేశాను. అదీ చెబుతాను.

మొదటాయనకు 38 ఏళ్లు. తొమ్మిది రోజులుగా జ్వరం. మొదటి మూడు రోజులు వైరల్ అనుకున్నారు. తర్వాత టైఫాయిడ్ అనుకుని ఏవో యాంటీబయాటిక్స్ వాడారు. ఆరో రోజు కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. దాంతోపాటు పొడి దగ్గు. ఛాతీ ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి అడుగున కొంచెం నీరు కనపడింది. ఇంకేం, న్యుమోనియా అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. జబ్బు కాలేయంలో ఉంటే ఊపిరితిత్తి దగ్గర నీరెందుకు చేరింది? దగ్గెందుకు వచ్చింది? కాలేయం మన కుడి పక్కటెముకల వెనక దాక్కుని ఉంటుంది. దాని నెత్తిమీదే డయాఫ్రం, అంటే ఊపిరి తీసుకునేటప్పుడు కిందికీ పైకీ కదిలే కండరపు పొర. గడ్డ ఎక్కువగా కాలేయం కుడి భాగంలో, అందులోనూ పైన వెనక వైపున వస్తుంది. గడ్డ పెరిగితే డయాఫ్రాన్ని పైకి నెడుతుంది, దాన్ని రేపుతుంది. అందుకే దగ్గు, అందుకే ఆ కాస్త నీరు. ఇంకో వింత చూడండి, ఆయన కుడి భుజం కూడా నొప్పి అన్నారు. భుజానికి ఏమీ కాలేదు. డయాఫ్రం నుంచి వచ్చే నరమూ, భుజం చర్మం నుంచి వచ్చే నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. ఆ కబురు ఎక్కణ్ణుంచి వచ్చిందో మెదడుకు తేడా తెలియదు, భుజం అనుకుంటుంది. జ్వరం, కుడి పక్క నొప్పి, కుడి భుజం నొప్పి, ఈ మూడూ ఒకే మనిషి చెప్తే నేను భుజానికి ఎక్స్‌రే రాయను, పొట్టకు స్కాన్ రాస్తాను.

నేను ఆయన్ని పడుకోబెట్టి పొట్ట నొక్కాను. పొట్ట మెత్తగానే ఉంది, పెద్దగా నొప్పి లేదు. అప్పుడు ఒక వేలు తీసుకుని కుడి పక్కటెముకల మధ్య సందుల్లో ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. ఒక సందు, రెండో సందు, ఏమీ లేదు. మూడో సందులో వేలు పెట్టగానే మనిషి ఎగిరిపడ్డారు. వేలు పట్టేంత చోటులో అంత నొప్పి. చాలాసార్లు సరిగ్గా దాని కిందే గడ్డ ఉంటుంది. నర్సింగ్ పిల్లలు కొందరు ముందు వరసలో కనపడుతున్నారు, మీకోసం చెబుతున్నాను: పొట్ట నొక్కి ఏమీ లేదని చెయ్యి తీసేయకండి, పక్కటెముకల మధ్య కూడా నొక్కి చూడండి.

అల్ట్రాసౌండ్ చేశాం. కుడి భాగంలో, పైన వెనక వైపు, 8 సెంటీమీటర్ల గడ్డ. ఒక్కటే. కాలేయం అంచుకీ గడ్డకీ మధ్య ఇంకా రెండు సెంటీమీటర్ల మంచి కాలేయం ఉంది. ఈ రెండు సెంటీమీటర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దానికి.

స్కాన్ ఎంత పెద్ద గడ్డో చెబుతుంది, ఎక్కడుందో చెబుతుంది, ఎన్నో చెబుతుంది. ఎవరు చేశారో మాత్రం చెప్పదు. రిపోర్టులో "అమీబిక్ అయి ఉండవచ్చు" అని రాస్తారు చూశారూ, అది అంచనా మాత్రమే. సీటీ తీసినా అంతే. స్కాన్‌లో రెండూ అచ్చం ఒకేలా కనపడొచ్చు.

ఇప్పుడు ఈ ఇద్దరు దొంగల సంగతి చూద్దాం. ఎవరు ఏ దారిన వస్తారో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

అమీబా అంటే ఎంటమీబా హిస్టోలిటికా. ఒకే ఒక కణం ఉన్న జీవి. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లోష్ అనే డాక్టరు విరేచనాలతో బాధపడుతున్న ఒక రోగి మలంలో దాన్ని మొదటిసారి గుర్తించి వర్ణించాడు. మలంతో కలుషితమైన నీటితోనో తిండితోనో గట్టి పెంకు ఉన్న గుడ్డులాంటి రూపంలో లోపలికి వస్తుంది. దాన్ని సిస్ట్ అంటారు. పేగులో ఆ పెంకు పగిలి అమీబా బయటికొస్తుంది, పెద్దపేగులో కాపురం పెడుతుంది. చాలామందిలో అక్కడే ఊరికే ఉండిపోతుంది. కొందరిలో పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడుతుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం ద్వారా ముందు కాలేయానికే చేరుతుంది. అమీబా కూడా ఆ వాహనమే ఎక్కుతుంది. దిగేది కాలేయంలో.

అక్కడ ఏం చేస్తుంది? కాలేయ కణాలను చంపుతుంది, కరిగిస్తుంది. హిస్టోలిటికా అనే పేరుకు అర్థమే కణజాలాన్ని కరిగించేది అని. కాబట్టి గడ్డ లోపల ఉండేది నిజానికి చీము కాదు. చీము అంటే చచ్చిన తెల్లరక్తకణాలు కుప్పపడినది. ఇది కరిగిపోయిన కాలేయం. అందుకే పసుపుగా ఉండదు, ముదురు చాక్లెట్ రంగులో ఉంటుంది, వాసన ఉండదు. మరి అమీబాలు ఎక్కడున్నాయి? మధ్యలో లేవు. అక్కడ వాటికి తినడానికి ఏముంది, అంతా కరిగిపోయిందిగా. అవి గోడ దగ్గర, బతికున్న కాలేయాన్ని కొరుకుతూ ఉంటాయి. అర్థమైందా? గోడ దగ్గరున్నాయి కాబట్టి, గోడకు రక్తం అందుతుంది కాబట్టి, రక్తంలో వచ్చే మందు నేరుగా వాటి మీద పడుతుంది. మధ్యలో ఉన్న ద్రవాన్ని మనం తీసినా తీయకపోయినా అమీబా చస్తుంది. ఆ తమ్ముడిగారికి సూది గుచ్చకపోవడానికి కారణం ఇదే.

బ్యాక్టీరియా వ్యవహారం వేరు. అది పిత్తనాళంలో రాయి అడ్డుపడి అక్కణ్ణుంచి ఎగబాకవచ్చు. ఈరోజుల్లో ఎక్కువగా దొరికే దారి ఇదే. అపెండిక్స్ కుళ్లినా, పెద్దపేగులో వాపు వచ్చినా పోర్టల్ సిరలో రావచ్చు. 1938లో ఆక్స్‌నర్, డిబేకీ అనే సర్జన్లు ఈ గడ్డల గురించి పెద్ద వ్యాసం రాశారు. అప్పట్లో చాలా కేసులకు మూలం అపెండిక్స్ వాపే. యాంటీబయాటిక్స్ వచ్చాక, అపెండిక్స్ ఆపరేషన్లు వేళకు జరగడం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది, పిత్తనాళం ముందుకొచ్చింది. కొన్నిసార్లు ఎంత వెతికినా దారి దొరకదు. చేసేది ఈ.కోలి కావచ్చు, క్లెబ్సియెల్లా కావచ్చు, కొన్ని స్ట్రెప్టోకాకస్ రకాలు కావచ్చు, గాలి అవసరం లేని బ్యాక్టీరియా కావచ్చు, ఒకేసారి రెండు మూడు కలిసి కావచ్చు. ఇక్కడ చీము నిజమైన చీము. బ్యాక్టీరియా ఆ చీములోనే, నట్టనడుమ ఈదుతూ ఉంటుంది. అక్కడికి రక్తనాళాలు లేవు. నువ్వెంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా అది గోడ దాకా వచ్చి, లోపలికి అరకొరగానే వెళ్తుంది. అందుకే పక్కింటావిడకు పైపు వేశారు.

మరి చూడకుండా ఎలా చెప్తాం ఏదో? పూర్తిగా చెప్పలేం. ఒక వైపు మొగ్గు చూపించే సంగతులు కొన్ని ఉన్నాయి. ఇరవై నుంచి నలభై అయిదేళ్ల మధ్య మగవాడు, మద్యం అలవాటు, గడ్డ ఒక్కటే, అదీ కుడివైపు, అయితే అమీబా వైపు మొగ్గుతాం. ఆడవాళ్ల కన్నా మగవాళ్లలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. యాభై దాటిన మనిషి, షుగర్, పిత్తాశయంలో రాళ్లు, చలితో వణికించే జ్వరం, కామెర్లు, గడ్డలు రెండు మూడు, అయితే బ్యాక్టీరియా వైపు. మొగ్గు మాత్రమే అంటున్నాను, తీర్పు కాదు. దీన్నే తీర్పు అనుకుని నేను ఎలా బోల్తాపడ్డానో కాసేపట్లో వింటారు.

ఏమ్మా, చెయ్యెత్తారు? అడగండి... ఆవిడ అడుగుతున్నారు, మోషన్ టెస్టు చేస్తే అమీబా కనపడదా అని. చాలామంది అలాగే అనుకుంటారు. కాలేయంలో గడ్డ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఆ సమయంలో విరేచనాలే ఉండవు. మోషన్‌లో అమీబా కనపడకపోవడమే ఎక్కువ. కాబట్టి మోషన్ టెస్టు నార్మల్ వచ్చినంత మాత్రాన అమీబా కాదు అనకూడదు. రక్తంలో అమీబా మీద తయారైన యాంటీబాడీలను చూసే పరీక్ష మేలు, గడ్డ ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా పాజిటివ్ వస్తుంది. దానికీ రెండు లొసుగులున్నాయి. జబ్బు మొదలైన మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు, అప్పుడు వారం ఆగి మళ్లీ చేయాలి. ఇంకోటి, ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన అమీబాకు కూడా అది ఏళ్ల తరబడి పాజిటివ్‌గా ఉండిపోవచ్చు. అమీబా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో పాజిటివ్ అంటే ఇప్పటి జబ్బేనని గ్యారంటీ లేదు.

సరే, మన 38 ఏళ్ల ఆయన దగ్గరికి వద్దాం. ఆయనకు తెల్లకణాలు 16,800, బాగా ఎక్కువ. కామెర్లను చూపించే బిలిరుబిన్ నార్మల్. కాలేయ పరీక్షల్లో చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెం ఎక్కువ. షుగర్ లేదు. ముందు చేయాల్సిన పని ఏమిటో తెలుసా? మందు మొదలుపెట్టకముందే రెండు చేతుల నుంచీ బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకు, రక్తం తీయాలి. ఒక్క డోసు యాంటీబయాటిక్ పడిందంటే సీసాలో ఏదీ పెరగకపోవచ్చు, తర్వాత వారాలపాటు చీకట్లో బాణాలే. బ్యాక్టీరియా గడ్డల్లో సగానికి అటూఇటూగా రక్తంలో కూడా అది దొరుకుతుంది. రక్తం తీసిన వెంటనే మెట్రోనిడజోల్ 800 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు మొదలుపెట్టాం. దాంతోపాటు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. ఎందుకు రెండూ? ఎవరో తేలేదాకా ఇద్దరినీ కొట్టాలి కాబట్టి. మెట్రోనిడజోల్ అమీబానూ, గాలి అక్కర్లేని బ్యాక్టీరియానూ చూసుకుంటుంది. సెఫ్ట్రియాక్సోన్ ఈ.కోలి, క్లెబ్సియెల్లా లాంటివాటిని చూసుకుంటుంది.

తర్వాత ఏం చేశాం? ఆగాం. ఆగడం అంటే ఊరికే కూర్చోవడం కాదు. అమీబా గడ్డ అయితే మందు మొదలైన మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగాలి, నొప్పి తగ్గాలి. చాలామందిలో అలాగే అవుతుంది. చార్టు చూస్తూ కూర్చుంటాం. ఈయన చార్టు ఇలా నడిచింది: మొదటి రోజు 103, రెండో రోజు 102.6, మూడో రోజు 102. మూడో రోజు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చింది, బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. నాలుగో రోజు సాయంత్రం 101.8. నొప్పి తగ్గలేదు సరికదా, రాత్రంతా కూర్చునే ఉన్నారు, వెల్లకిలా పడుకోలేకపోయారు.

మళ్లీ స్కాన్ చేశాం. గడ్డ తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. ఇందాక రెండు సెంటీమీటర్లని చెప్పాను, గుర్తుందా, గడ్డకీ కాలేయం అంచుకీ మధ్య? అది ఇప్పుడు 6 మిల్లీమీటర్లు. అంటే డయాఫ్రం వైపు గోడ పలచబడిపోతోంది. అక్కడ పగిలితే ఊపిరితిత్తి చుట్టూ ఉన్న సంచిలోకో, ఊపిరితిత్తిలోకో పోతుంది. కొందరు దగ్గుతో ఆ చాక్లెట్ రంగు ద్రవాన్ని ఉమ్ముతారు. పొట్టలోకి పగిలితే పొట్ట బిగుసుకుపోయి మనిషి పడిపోతాడు. గడ్డ ఎడమ భాగంలో ఉంటే ఇంకా భయం, పక్కనే గుండె చుట్టూ ఉన్న సంచి ఉంటుంది. అందుకే ఎడమవైపు గడ్డ విషయంలో మేం ఓపిక తక్కువ చూపిస్తాం, త్వరగా సూది పట్టుకుంటాం.

అంటే అమీబా గడ్డకు కూడా సూది వాడతాం. ఎప్పుడు? మూడు నుంచి అయిదు రోజుల మందుకు లొంగనప్పుడు, గోడ పలచబడి పగిలేలా ఉన్నప్పుడు, ఎడమ భాగంలో ఉన్నప్పుడు, అసలు అమీబానా కాదా అని గట్టి అనుమానం ఉన్నప్పుడు. సైజు మరీ పెద్దదైతే కూడా తీసేవాళ్లున్నారు. అయిదు దాటితే అనేవాళ్లున్నారు, పది దాటితే అనేవాళ్లున్నారు. నా మట్టుకు నాకు సైజు ఒక్కటే కారణం కాదు. గొడవలేవీ లేని గడ్డల్లో మందు మాత్రమే వాడినవాళ్లనూ, మందుతోపాటు సూది వాడినవాళ్లనూ పోల్చి చూసిన పరిశోధనల్లో స్పష్టమైన తేడా ఏదీ తేలలేదు.

సూది వేసేముందు రెండు చూసుకోవాలి. రక్తం గడ్డకట్టే శక్తి సరిగ్గా ఉందా? అది నిజంగా చీము గడ్డేనా, లేక టేపువార్మ్ జాతి పురుగు వల్ల వచ్చే హైడాటిడ్ సిస్టా? హైడాటిడ్‌లో తెలియక సూది దించితే ఆ నీరు లోపల కారి తీవ్రమైన అలర్జీ రావచ్చు. స్కాన్‌లో అనుమానం ఉంటే ముందే తేల్చుకోవాలి.

ఈయనకు పక్కటెముకల మధ్య మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్ తెరమీద సూది మొనను చూస్తూ లోపలికి దించాం. మొదటి సిరంజిలో వచ్చింది గోధుమ రంగు, కాస్త పసుపు ఛాయ. లాగుతూ పోతే ముదురు చాక్లెట్ రంగు, చిక్కగా. వాసన చూశాను. ఏ వాసనా లేదు. మొత్తం 380 మిల్లీలీటర్లు. చివర్లో సిరంజిలోకి ఎర్రటి చారలు రావడం మొదలైంది, అంటే గోడ దగ్గరికి వచ్చేశాం, ఇక ఆపాలి. ఆ చివరి కాస్తనే ల్యాబ్‌కు విడిగా పంపాం. అమీబాలు ఎక్కడుంటాయని చెప్పాను? గోడ దగ్గర. మొదటి సిరంజిలో వెతికితే దొరకవు, చివరిదాంట్లో దొరికితే దొరకొచ్చు. మాకు చివరిదాంట్లోనూ దొరకలేదు, అదీ మామూలే. బ్యాక్టీరియా లేదని మాత్రం తేలింది.

ఒకటిన్నర రోజులో జ్వరం దిగింది. ఆ రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. నన్నడిగితే సూది వల్లే తగ్గిందని ప్రమాణం చేయలేను. మందు పనిచేయడానికి ఇంకో రోజు పట్టేదేమో, ఎవరికి తెలుసు? పలచబడిన గోడ నాకు ఆ రోజు ఆగే ధైర్యం ఇవ్వలేదు, అంతే. సెఫ్ట్రియాక్సోన్ ఆపేశాం. మెట్రోనిడజోల్ మొత్తం పది రోజులు వాడారు. అది వాడేటప్పుడు నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, కొంచెం వికారం, మూత్రం రంగు ముదురుగా రావచ్చు, భయపడక్కర్లేదు. మద్యం మాత్రం ముట్టకూడదు, ఆపాక కూడా మూడు రోజులదాకా.

ఇప్పుడు రెండో కథ.

ఆవిడకు 61 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. అయిదు రోజులుగా చలితో వణికే జ్వరం. నొప్పి పెద్దగా లేదు, కుడివైపు ఏదో బరువుగా ఉందన్నారు. స్కాన్‌లో కుడి భాగంలో 7 సెంటీమీటర్ల గడ్డ, ఒక్కటే. ఆ నెలలో నేను వరసగా నాలుగు అమీబా గడ్డలు చూసి ఉన్నాను. ఒక్క గడ్డ, కుడివైపు. నా బుర్ర అక్కడే ఆగిపోయింది. ఆవిడ వయసు చెబుతోంది, షుగర్ చెబుతోంది, వణుకు చెబుతోంది, నేను వినలేదు. బ్లడ్ కల్చర్ పంపాను, అదొక్కటి మంచిపని. మందు మాత్రం మెట్రోనిడజోల్ ఒక్కటే రాశాను. "అమీబానే, మూడు రోజులు చూద్దాం" అన్నాను.

రెండో రోజు రాత్రి ల్యాబ్ నుంచి ఫోన్. రక్తంలో గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పెరుగుతోందని. తర్వాత అది క్లెబ్సియెల్లా అని తేలింది. వెంటనే సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టాం. అదే రాత్రి డ్యూటీ నర్సు ఒక సంగతి గమనించింది. ఆవిడ గోడ గడియారం చూడటానికి ఎడమ కన్ను చేత్తో మూసుకుంటున్నారట. ఏమ్మా అంటే, "ఈ కంటికి పొగమంచు పట్టినట్టుంది" అన్నారట.

క్లెబ్సియెల్లాలో కొన్ని మహా దూకుడు రకాలు ఉన్నాయి. 1980లలో తైవాన్‌ డాక్టర్లు వీటి గురించి రాయడం మొదలుపెట్టారు, తర్వాత చాలా దేశాల్లో కనపడ్డాయి. పిత్తాశయంలో రాళ్లు లేకపోయినా, పేగుల్లో ఏ గొడవా లేకపోయినా, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో ఇవి కాలేయంలో గడ్డ కట్టి, అక్కడితో ఊరుకోకుండా రక్తంలో ప్రయాణించి కంటి లోపలా, మెదడు పొరల్లోనూ దిగుతాయి. కన్ను మసకబారడం, ఎర్రబడటం, కంటి నొప్పి, ఇవి కనపడితే తెల్లారి చూద్దాం అనుకోకూడదు, గంటలు లెక్క. కంటి డాక్టరు ఆ రాత్రే వచ్చి కంటి లోపలికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. కన్ను నిలిచింది, చూపు పూర్తిగా రాలేదు. ఆ కంటితో ఆవిడ ఇప్పుడు మనుషుల్ని గుర్తుపడతారు, అక్షరాలు చదవలేరు. రెండు రోజుల ముందే సెఫ్ట్రియాక్సోన్ పడి ఉంటే? పూర్తిగా తప్పేదో లేదో చెప్పలేను. కానీ ఆ రెండు రోజులు నావి.

గడ్డకు పైపు వేద్దామని చూశాం. బ్యాక్టీరియా గడ్డ అయిదు సెంటీమీటర్లలోపు ఉంటే సూదితో లాగేయొచ్చు, కావాలంటే రెండోసారీ లాగొచ్చు. అయిదు దాటితే పైపు మేలు. అయితే మొదటిసారి మా సూదిలోకి 10 మిల్లీలీటర్లు కూడా రాలేదు. ఎందుకంటే ఈ క్లెబ్సియెల్లా గడ్డలు మొదట్లో తేనెపట్టులా గదులు గదులుగా, సగం గట్టిగా ఉంటాయి, ఇంకా ద్రవంగా మారవు. బలవంతంగా పైపు దూర్చి ప్రయోజనం లేదు. వచ్చిన ఆ కాస్తనే కల్చర్‌కు పంపి, మందు నడుపుతూ నాలుగు రోజులాగి మళ్లీ స్కాన్ చేశాం. అప్పటికి కరిగింది. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు వేశాం. పసుపుపచ్చ చీము, చిక్కగా. ఆ చిక్కదనానికి పైపు మూసుకుపోతుంది, అందుకే రోజుకు రెండు మూడుసార్లు కాస్త సెలైన్ లోపలికి పంపి కడగాలి. సంచిలో చీము రావడం ఆగిపోతే గడ్డ ఖాళీ అయిందని సంబరపడకండి. పైపు మూసుకుపోయి ఉండొచ్చు, మెలిక పడి ఉండొచ్చు. జ్వరం మళ్లీ ఎక్కిందా, సెలైన్ లోపలికి వెళ్తోందా చూడండి. రోజుకు 10 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తూ, స్కాన్‌లో గడ్డ కుదించుకుపోయి ఉంటే అప్పుడు పైపు తీస్తాం. ఆవిడకు తొమ్మిదో రోజు తీశాం.

మందు ఎన్నాళ్లు? అమీబాకు పది రోజులు చాలన్నాను. ఇక్కడ పది రోజులు చాలదు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. మొదట రెండు వారాలో మూడు వారాలో నరంలోకి, జ్వరం తగ్గి మనిషి తేరుకున్నాక కల్చర్ రిపోర్టులో పనిచేస్తుందని తేలిన మాత్ర నోటితో. ఆవిడకు మొత్తం అయిదు వారాలు వాడాం. మందు ఆపాలంటే జ్వరం లేకపోవడం, రక్త పరీక్షలో ఒంట్లో వాపు ఎంతుందో చూపించే సీఆర్పీ దిగిరావడం, గడ్డ బాగా చిన్నదవడం చూసుకుంటాం. జ్వరం పోయిందని పన్నెండో రోజే మాత్రలు మానేసి, నెలకు మళ్లీ వణుకుతూ వచ్చినవాళ్లను చూశాను.

ఇంకోటి, బ్యాక్టీరియా ఏ దారిన వచ్చిందో వెతకాలి. ఆవిడ పిత్తాశయం, పిత్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. కోలుకున్నాక కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష చేయించాం. దారి తెలియని క్లెబ్సియెల్లా గడ్డ ఉన్నవాళ్లలో కొందరికి పెద్దపేగులో క్యాన్సర్ దాగి ఉంటుంది, అందుకని. ఆవిడకు పేగు గోడ మీద పాలిప్ అనే చిన్న పిలక దొరికింది, అక్కడికక్కడే తీసేశారు.

చివరగా మొదటాయన దగ్గరికి. జ్వరం తగ్గింది, డిశ్చార్జి అవుతున్నారు. చీటీలో నేను ఇంకో మందు రాశాను: డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, పది రోజులు. ఆయన అడిగారు, "నాకు తగ్గిపోయిందిగా సార్, ఇదెందుకు?" మెట్రోనిడజోల్ పేగు నుంచి బాగా రక్తంలోకి ఎక్కిపోతుంది. కాలేయంలో అమీబాను చంపడానికి అదే బలం, కానీ పేగులో మిగిలిన సిస్టుల్ని తుడిచిపెట్టడానికి అదే బలహీనత. పేగులోనే ఉండిపోయి పనిచేసే మందు ఇంకోటి కావాలి. డైలోక్సనైడ్ కాకపోతే పారోమోమైసిన్ ఏడు రోజులు. ఇది వాడకపోతే కొన్ని నెలల తర్వాత అదే అమీబా మళ్లీ కాలేయానికి రావచ్చు, ఈలోపు ఇంట్లోవాళ్లకూ అంటొచ్చు. చీటీలో చివరి వరసలో ఉంటుంది కాబట్టి అందరూ వదిలేసే మందు ఇదే.

ఏం బాబూ? ఆ, నెల తర్వాత స్కాన్‌లో ఇంకా గడ్డ కనపడుతోందని రాశారా? భయపడకండి. జ్వరం ఉందా? నొప్పి? ఆకలి వేస్తోందా? బరువు పెరిగారా? అయితే ఆ స్కాన్ రిపోర్టు చూసి మళ్లీ మందు మొదలుపెట్టక్కర్లేదు. లోపల మందు పని అయిపోయినా ఆ ఖాళీ పూడటానికి మూడు నెలలు, ఆరు నెలలు, కొందరికి ఏడాది పట్టొచ్చు. మీ రిపోర్టులో ఎంతుంది? మొదట పది, ఇప్పుడు అయిదు. సగమే తగ్గిందని దిగులు పడుతున్నారా? గడ్డ బంతిలా ఉంటుందనుకోండి. పది సెంటీమీటర్ల బంతిలో అర లీటరు పైచిలుకు పడుతుంది. అయిదు సెంటీమీటర్ల బంతిలో 65 మిల్లీలీటర్లే. మీది సగం తగ్గలేదండీ, ఎనిమిదో వంతు మిగిలింది. మూడు నెలల తర్వాత ఇంకో స్కాన్ చేయించుకోండి, ఈలోపు జ్వరం వస్తే మాత్రం ఆగకుండా వచ్చేయండి.